తొమ్మిదో కాగితం

బైండింగ్ మాస్టారికి ఉత్తరం రాయడం చేతకాదు. నలభై ఏళ్లుగా కాగితాల మధ్యే బతికిన మనిషికి ఇది నామోషీ సంగతే. కానీ ఆయన పని కాగితాలను కుట్టడం, అంచులు కోయడం, అట్ట వేయడం. వాటి మీద ఏం రాసి ఉందో పట్టించుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. అందుకని ఇంటి లోను ఆఖరి వాయిదా కట్టిన మర్నాడు, బ్యాంకు పక్కనున్న జిరాక్స్ షాపుకెళ్లి కౌంటరు మీద మోచేతులు ఆనించాడు.

"బ్యాంకుకి ఒక ఉత్తరం కావాలి నాయనా. లోను తీరిపోయినట్టు సర్టిఫికెట్టూ, ఇంటి కాగితాలూ ఇమ్మని."

"అమ్మయ్య, తీరిపోయిందా బాబాయ్? మరి మొహం అలా వేలాడేసుకొచ్చావేం?" అన్నాడు జిరాక్స్ షాపు కుర్రాడు. కుర్రాడంటే ముప్పయ్యేళ్లుంటాయి. మాస్టారి దగ్గర కొత్త పుస్తకాలకు అట్టలు వేయించుకున్న రోజుల నుంచి ఆయనను బాబాయ్ అనే పిలుస్తాడు. "నా దగ్గర అన్నీ రెడీమేడే. సెలవు చీటీ, అద్దె ఒప్పందం, లోను క్లోజింగు. పేరూ నంబరూ మారిస్తే చాలు. మొన్న ఒకాయన తొందరపడి మార్చకుండానే పట్టుకుపోయి, వేరే ఎవరిదో ఇల్లు అడిగొచ్చాడు."

మాస్టారు నవ్వలేదు. సంచిలోంచి ఒక మడత తీసి, రెండు చేతులతో పరిచాడు. పదిహేనేళ్ల కిందట కాగితాలు తీసుకున్నప్పుడు బ్యాంకు ఇచ్చిన జాబితా అది. మడతల దగ్గర చిరిగిపోతూ ఉంటే వెనకాల పల్చటి గుడ్డ అతికించి పెట్టుకున్నాడు.

"ఇంత భద్రంగా దాచినవాణ్ణి నా సర్వీసులో చూళ్లేదు బాబాయ్," అంటూ కుర్రాడు కంప్యూటరు ముందు కూర్చుని టైపు చేస్తూ పైకి చదివాడు. "బ్రాంచి మేనేజరు గారికి. పై నంబరు గల గృహ రుణం వడ్డీతో సహా పూర్తిగా చెల్లించాను. కాబట్టి రుణం ముగిసినట్టు ధ్రువపత్రం, నేను మీ వద్ద తాకట్టు ఉంచిన అసలు పత్రాలు, వాడకుండా మిగిలిన చెక్కులు తిరిగి ఇప్పించగలరు. నా ఖాతా నుంచి వాయిదా కోసే ఏర్పాటు ఆపించగలరు. ఇంటి మీద తాకట్టు తీసేసినట్టు నమోదు చేయించగలరు. జత: గుర్తింపు కార్డు నకలు, పత్రాల జాబితా నకలు. సరిపోయిందా?"

"పత్రాలన్నీ అని రాయి. తొమ్మిదీ."

కుర్రాడు జాబితా మీద వేలు దింపుకుంటూ వచ్చాడు. అమ్మకం దస్తావేజు, అంతకు ముందు యజమాని దస్తావేజు, ఆమోదం పొందిన ప్లాను నకలు, రసీదులు, ఇంకా ఏవేవో. తొమ్మిదో వరుస దగ్గర ఆగాడు. 'చేతితో గీసిన ప్లాను, 1 పుట.'

"ఇదేంటి, చేతితో గీసిన ప్లాను? మేస్త్రీ గీశాడా?"

"మీ పిన్ని."

కుర్రాడు 'మొత్తం తొమ్మిది పత్రాలు' అని టైపు చేసి, రెండు కాపీలు తీశాడు. "ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు ముద్ర వేయించుకో. అది లేకుండా బయటికి రాకు," అన్నాడు. డబ్బులు తీసుకోలేదు.

*

పదిహేనేళ్ల కిందట లోను తీసుకున్న రోజు భార్యాభర్తలిద్దరినీ బ్యాంకు బల్ల మీద మూడు గంటలు కూర్చోబెట్టారు. మాస్టారి భార్యకు ఊరికే కూర్చోవడం తెలియదు. అప్పటివరకు వాళ్లు బైండింగ్ షాపు మీది ఒంటి గదిలో ఉండేవాళ్లు. ఆయన కుట్టే పుస్తకాలకు కాగితాలు మడిచేది ఆమే. కొనబోయే వాటాలో అద్దెకున్నవాళ్లు ఊళ్లో లేకపోతే, బ్రోకరు ఎదురు వాటా తలుపు తీయించి, రెండూ ఒకే అచ్చు అని చూపించాడు. ఆమె చూసింది ఆ ఒక్కసారే. బ్యాంకు బల్ల మీద కూర్చుని, చేతిసంచిలోంచి తెల్లకాగితం ముక్క ఒకటి తీసి, మోకాలి మీద పెట్టుకుని గీయడం మొదలుపెట్టింది. ఏ సామాను ఎక్కడో.

"ఇటు ఒకసారి చూడండి," అంది.

మాస్టారు అప్పటికి ఇరవయ్యో సంతకంలో ఉన్నాడు. "ఇంటికెళ్లాక చూస్తాలే," అన్నాడు.

ఆమె దాన్ని ఆయన పక్కన బల్ల మీద పెట్టింది. అంతలో గుమాస్తా వచ్చి బల్ల మీదున్న కాగితాలన్నీ కలిపి పట్టుకుపోయాడు. ఆ గుమాస్తా ఎలాంటివాడంటే, కవరులో ఈగ ఉన్నా జాబితాకెక్కిస్తాడు. కాగితం కాగితానికీ గుండ్రటి ముద్ర కొట్టాడు, ముద్ర మధ్యలో సిరాతో నంబరు వేశాడు. ఆమె గీసిందీ అందులో కలిసిపోయిందని జాబితా చేతికొచ్చాక గాని వీళ్లు చూసుకోలేదు. మార్పిస్తానని మాస్టారు లేవబోతే, ఆమె నవ్వాపుకోలేక ఆయన చొక్కా పట్టి లాగింది.

"పోనివ్వండి. మీ దగ్గరుంటే పోగొడతారు. వాళ్లయితే ఇనప్పెట్టెలో పెట్టి దాస్తారు. అప్పు తీరాక తెచ్చుకుందాం."

అద్దెవాళ్లు ఖాళీ చేయడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లోనే ఆమె జ్వరమని ఆసుపత్రిలో చేరి, ఇక రాలేదు.

మాస్టారు ఒక్కడే కొత్త ఇంట్లో దిగాడు. సామాను మోసినవాళ్లు ఎక్కడ పెట్టాలని అడిగితే, ప్రస్తుతానికి దించండన్నాడు. వాళ్లు దించిన చోటనే ఉండిపోయాయి అన్నీ. బల్ల హాలు నడిమధ్యన, బీరువా తలుపుకి అడ్డంగా. పదిహేనేళ్లుగా ఆయన ఆ బీరువా పక్కనుంచి ఒంటిని ఓరగా చేసుకుని పోతున్నాడు. జరపడానికి బలం లేక కాదు. ఎక్కడికి జరపాలో ఆమె గీసి పెట్టింది. అది తను చూడలేదు. చూడకుండా ఏదో ఒక మూలకు నెట్టడానికి చేతులు రాలేదు.

దిగిన కొత్తలో ఒకసారి బ్యాంకుకెళ్లి నకలు అడిగాడు. ఎవరో మంచావిడ అమ్మకం దస్తావేజు నకలు తీసి చేతిలో పెట్టింది. "ఇది కాదండీ, మా ఆవిడ గీసిన బొమ్మ" అనబోయాడు గాని, వెనకాల పదిమంది నిట్టూరుస్తూ నిలబడి ఉన్నారు. ఆ నకలే సంచిలో పెట్టుకుని వచ్చేశాడు.

అప్పటినుంచి నెలనెలా వాయిదా కోసినట్టు ఫోనుకు మెసేజి వచ్చినప్పుడల్లా, బల్ల ఒక్క బెత్తెడు గోడవైపు జరిగినట్టనిపించేది ఆయనకు.

*

ఉత్తరం ఇచ్చిన పద్దెనిమిదో రోజు ఫోను వచ్చింది. కాగితాలు పెద్దాఫీసు ఖజానా నుంచి బ్రాంచికి చేరాయి, గుర్తింపు కార్డు పట్టుకుని స్వయంగా రండి అన్నారు. మాస్టారు ఆ రోజు షాపు తీయలేదు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కొత్త అట్టతో తనే కుట్టుకున్న ఫైలొకటి చంకలో పెట్టుకున్నాడు.

లోన్ల సెక్షనులో కూర్చున్న అమ్మాయి చిన్నదే, పాతికేళ్లు దాటి ఉండవు. కౌంటరు దగ్గర అందరూ లోన్ల మేడమ్ అంటారు. బల్ల మీద చిన్న కుండీలో రెండాకుల మొక్క ఒకటి పెంచుకుంటోంది. మాస్టారు కూర్చోగానే ధ్రువపత్రం ముందు పెట్టింది. "ఇదిగోండి, మీరు బాకీ ఏమీ లేరని. దీన్ని లామినేషన్ చేయించకండి సార్, రిజిస్ట్రారు ఆఫీసులో ఒక్కోసారి ఒప్పుకోరు. తాకట్టు తీసేసినట్టు మేం పంపాం, పది రోజుల్లో ఎక్కుతుంది. ఇవి మీ పాత చెక్కులు, నా ముందే చింపేయండి."

మాస్టారు చెక్కులు నాలుగు ముక్కలు చేశాడు. అంచులు కలిసేలా చింపడం చూసి ఆ అమ్మాయి ముచ్చటపడింది.

"ఇప్పుడు కాగితాలు. ఒక్కొక్కటి చూసుకుని జాబితాలో ఎదురుగా సంతకం పెట్టండి."

ఒకటి. రెండు. మూడు. ఆయన పుటలు లెక్కపెట్టే తీరు వేరు. చదవడు, బొటనవేలితో అంచు మీద జార్చుతాడు. ఎనిమిదో నంబరు పన్ను రసీదు, పల్చటి కాగితం. దాని కింద బల్ల చెక్క కనిపించింది.

"తొమ్మిదోది?"

ఆ అమ్మాయి కవరు బోర్లించింది, దులిపింది. జాబితా చూసింది. "చేతితో గీసిన ప్లానా? అసలు ప్లాను మూడో నంబరులో ఉందిగా సార్. దాంతో పనేముంది? దస్తావేజులన్నీ వచ్చేశాయి. తొమ్మిదోది అందలేదని పక్కన రాసి సంతకం పెట్టేయండి, నేనూ పెడతాను. చట్టప్రకారం మీకేం ఇబ్బంది లేదు."

"అలా రాసేస్తే ఇక వెతకరు కదమ్మా."

ఆమె పెన్ను ఆయన వైపు జరిపింది. వెతకరని ఇద్దరికీ తెలుసు.

మాస్టారు ఎనిమిది కాగితాలనూ పొందిగ్గా సర్దాడు. కవరులో పెట్టి, కవరు ఆమె వైపు జరిపాడు.

"ఇవి మీ దగ్గరే ఉండనివ్వండి."

"సార్, ఇవి మీ ఇంటి కాగితాలు. వీటికోసం జనం ఇక్కడ చొక్కాలు పట్టుకుంటారు."

"నా దగ్గరుంటే మీ పని అయిపోతుంది. మీ దగ్గరుంటే పని మిగిలి ఉంటుంది. తొమ్మిదీ తీసుకున్నారు, తొమ్మిదీ ఇవ్వండి."

పక్క కౌంటరతను తల తిప్పి చూశాడు. వెనకాల కుర్చీలో ఉన్నావిడ గట్టిగానే నిట్టూర్చింది. మాస్టారి చెవులు వేడెక్కాయి. పదిహేనేళ్ల కిందట నకలు అడగడానికొచ్చి ఇలాంటి నిట్టూర్పులకే ఆయన వెళ్లిపోయాడు. ఈసారి కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు.

"అసలు ఆ కాగితం ఖజానాకి వెళ్లిందో లేదో. అప్పటి గుమాస్తా జాబితాలో రాసి, కాగితం ఇక్కడే ఎక్కడో పడేసి ఉండొచ్చు," అంది ఆ అమ్మాయి, ఈసారి కాస్త మెత్తగా.

"లేదమ్మా. ఫైల్లో ఉంది. చాలాకాలం ఉంది."

"మీకెలా తెలుసు?"

మాస్టారు పన్ను రసీదు బయటకు తీసి వెనక్కి తిప్పాడు. ఖాళీ పుట మీద గుండ్రంగా ఊదారంగు మరక ఉంది, చూడాలని చూస్తే గాని కనబడదు.

"ఇది దీని ముద్ర కాదు. దీని ముద్ర ముందువైపుంది. కింది కాగితానికి ముద్ర కొట్టి, తడి ఆరకముందే దీన్ని దానిమీద మూసేస్తే, ఇలా అంటుకుంటుంది. మా పనిలో రోజూ చూసేదే." రసీదును ముందువైపుకు తిప్పి ట్యూబులైటు వైపు ఎత్తి పట్టాడు. అద్దంలోలా తిరగబడ్డ అక్షరాలు కాగితంలోంచి సవ్యంగా కనిపించాయి. గుండ్రటి ముద్ర, ముద్ర మధ్యలో సిరాతో వేసిన తొమ్మిది. "చూడండి. దీని కిందే ఉండేది. అంచున రెండు తుప్పు గీతలున్నాయి, క్లిప్పువి. ఎనిమిదీ తొమ్మిదీ కలిపి క్లిప్పు పెట్టారు. అంత తుప్పు పట్టడానికి ఏడెనిమిదేళ్లన్నా ఉండాలి. ఆ తర్వాత ఎవరో క్లిప్పు తీశారు."

లోన్ల మేడమ్ కుర్చీలోంచి లేచి, ఆయన పక్కన నిలబడి ట్యూబులైటు వైపు చూసింది. ఈ బ్యాంకులో రోజుకు వెయ్యి కాగితాలు చూసే అమ్మాయి ఒక కాగితాన్ని ఇలా చూడటం అదే మొదటిసారి అయి ఉంటుంది.

"ఏడెనిమిదేళ్ల కిందటే బ్రాంచి కాగితాలన్నీ ఖజానాకి మార్చారు," అంది నెమ్మదిగా. "అప్పుడు లాయర్లు ఒక్కో ఫైలూ తిరగేశారు. హక్కు పత్రం కానివి తీసేసి ఉంటారు. తీసేసినవి పారేయరు, అప్పు దరఖాస్తు ఫైల్లో పెడతారు. ఆ ఫైళ్లు మా రికార్డు గదిలోనే ఉన్నాయి." కూర్చుంది. "కాని ఊరికే తెరవనివ్వరు. ఏ కాగితం, ఎలా ఉంటుంది, ఎందుకు కావాలి అని మీరు ఉత్తరం రాసివ్వాలి. మేనేజరు సంతకం పెడితే తెరుస్తారు. జిరాక్స్ షాపు ఉత్తరం కాదు సార్, మీరే రాయండి."

తెల్లకాగితం ఇచ్చింది, పెన్ను మూత తీసి ఇచ్చింది.

మాస్టారు చాలాసేపు కాగితం నిలువుగా పెట్టాలా అడ్డంగానా అని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత రాశాడు.

'మేనేజరు గారికి. జాబితాలో తొమ్మిదో నంబరు కాగితం ఇంకా ఇవ్వలేదు. అది జానెడు పొడుగు, జానెడుకు తక్కువ వెడల్పు. ఒకవైపే గీసి ఉంటుంది. మీ ముద్ర ఉంటుంది. అందులో ఏముందో సరిగ్గా చెప్పలేను, నేను చూడలేదు. నా భార్య చూడమంది. తర్వాత చూస్తానన్నాను. ఇంట్లో ఏది ఎక్కడ పెట్టాలో రాసింది. ఆమె ఇప్పుడు లేదు. ఇంట్లో సామాను ఇంకా సర్దలేదు. దయచేసి వెతికించగలరు.'

లోన్ల మేడమ్ చదివింది. చదివాక కుండీలో మొక్కను ఒక చేత్తో కాస్త పక్కకు జరిపి, మళ్లీ ఉన్న చోటికే జరిపింది. ఉత్తరం పట్టుకుని మేనేజరు గదిలోకి తనే వెళ్లింది.

రికార్డు గది చూసే పెద్దాయన గొణుక్కుంటూ మెట్లు దిగాడు. "పదిహేనేళ్ల నాటి ఫైలు. నేనేమన్నా దాని పక్కలో పడుకున్నానా, అడగ్గానే తేవడానికి?" భోజనాల వేళ దాటింది. కౌంటర్ల ముందు కుర్చీలు ఖాళీ అయ్యాయి, మళ్లీ నిండాయి. మాస్టారు బల్ల మీదే కూర్చున్నాడు. అప్పుడు కూర్చున్న బల్ల కాదది, అది ఎప్పుడో మార్చేశారు. అయినా పక్కన కొంచెం చోటు వదిలి కూర్చున్నాడు.

మూడున్నరకు పెద్దాయన జుట్టంతా దుమ్ముతో పైకి వచ్చాడు. చేతిలో ఉబ్బిపోయిన ఫైలు. "ఇదిగోనమ్మా. దరఖాస్తు వెనకాల గుండుసూది గుచ్చి పెట్టారు మహానుభావులు," అని మాస్టారి వైపు చూసి, "ఇదేనా అయ్యా మీ ఆస్తి?" అన్నాడు.

మాస్టారు కాగితం అందుకున్నాడు గాని, అక్కడ చూడలేదు. తొమ్మిదో వరుసలో సంతకం పెట్టాడు. మిగతా ఎనిమిదీ అలాగే మర్చిపోయి లేచిపోతుంటే, లోన్ల మేడమ్ వెనకనుంచి కవరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"సార్, ఇల్లు వదిలేసి పోతున్నారు."

*

ఇంటికొచ్చి, తలుపేసి, నడిమధ్య బల్ల ముందు కూర్చుని అప్పుడు విప్పాడు.

పెన్సిలు గీతలు. కాస్త వంకరగా నాలుగు గోడలు. గుమ్మం, కిటికీ. కిటికీ కింద పెద్ద డబ్బా, దానిలో 'బల్ల' అని. బల్లకు అటొక చిన్న గుండ్రం, ఇటొక చిన్న గుండ్రం. ఒకదానిలో 'మీరు'. రెండోదానిలో 'నేను'. మూలన బీరువా. వంటింటి గోడకు 'ఇక్కడ మేకు కొట్టవద్దు' అని, కింద రెండు గీతలు. అంతే. పైన ఊదారంగు ముద్ర సగం కిటికీని కప్పేసింది.

మాస్టారు లేచి, కాగితం ముందు పట్టుకుని, హాలు మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. కుదరలేదు. కాగితంలో కిటికీ గుమ్మానికి ఎడమవైపు ఉంది. ఇంట్లో కుడివైపు. బీరువా పెట్టమన్న మూలలో వంటగది తలుపుంది. ఇంకోసారి చూశాడు. కాగితాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, తను తిరిగి, ఎలా చూసినా కుదరలేదు. కాగితం దించాడు. పదిహేనేళ్లు కట్టి తెచ్చుకున్న కాగితం ఈ ఇంటిది కాదు. ఆమె ఏ ఇల్లు గీసిందో.

అప్పుడు గుర్తొచ్చింది. ఎదురు వాటా. ఆమె చూసిన ఇల్లు అది. రెండూ ఒకే అచ్చన్నాడు బ్రోకరు. అచ్చు సంగతి మాస్టారికి ఒకరు చెప్పాలా? అచ్చులో ఎడమ ఎప్పుడూ కుడే.

కాగితాన్ని వెనక్కి తిప్పి కిటికీ అద్దానికి ఆనించాడు. సాయంత్రపు ఎండ దానిలోంచి లోపలికొచ్చింది. పెన్సిలు గీతలు వెనకనుంచి తేలాయి. కిటికీ కుడివైపుకు వచ్చింది. బీరువా దాని మూలకు అది వెళ్లింది. గుమ్మం ఎదురుగా గుమ్మం నిలబడింది. ఆయనకు నవ్వొచ్చింది. ఖాళీ ఇంట్లో తన నవ్వు తనకే కొత్తగా వినిపించి, ఆపేశాడు.

నాలుగు మూలలకు తన డబ్బాలోని గంజి రాసి, కాగితాన్ని అలాగే అద్దానికి అతికించాడు. ముందు బీరువా నెట్టాడు. నేల మీద పదిహేనేళ్ల దుమ్ము చతురస్రంగా మిగిలింది. తర్వాత బల్ల. అది ఒంటిచేత్తో జరిగేది కాదు. ఇటొక కాలు, అటొక కాలు, కాస్త కాస్తగా నడిపించుకుంటూ కిటికీ కిందికి చేర్చాడు. కుర్చీ ఒక్కటే ఉంది. దాన్ని 'మీరు' అన్న చోట వేసి కూర్చున్నాడు.

కొంచెంసేపు అలా కూర్చుని, లేచి, కుర్చీని అటువైపుకు, రెండో గుండ్రం చోటికి మార్చి చూశాడు. అక్కడ కూర్చుంటే గుమ్మం కనిపిస్తుంది. షాపు కట్టేసి మెట్లెక్కి వచ్చే మనిషి ముందుగా కనబడే చోటు అది. ఆమె ఏరి కోరి పెట్టుకుంది.

మాస్టారు గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. దస్తావేజులున్న కవరు గుమ్మం పక్కన నేల మీదే ఉంది. అద్దం మీద కాగితంలో 'నేను' అన్న అక్షరాలు తిరగబడి ఉన్నాయి. అవి చదవాలంటే కిటికీ బయట నిలబడాలి, లేదా ముందే తెలిసి ఉండాలి. ఆయనకు ఇప్పుడు తెలుసు.

రేపు షాపుకెళ్లేటప్పుడు ఇంకో కుర్చీ బేరం చేయాలనుకున్నాడు.